ఫోన్ జవాబు కంప్యూటర్ ముందున్న మనిషికి వెళ్లినప్పుడు

(కస్టమర్ల మెసేజ్‌లకు జవాబులిచ్చే సపోర్టు సిబ్బందికి నెల్లూరులో ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకు వినపడుతోందా? సరే.

ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడతాను. కస్టమరు వాట్సాప్‌లో ఒక డౌటు అడుగుతారు. మనం రెండు లైన్లలో జవాబు పెడతాం. అది ఫోన్‌కు సరిపోయే జవాబు. తీరా చూస్తే ఆ మనిషి కూర్చున్నది కంప్యూటర్ ముందు. జవాబు పనిచేయదు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నేను చెప్పబోయేది ఆ తర్వాతి ఐదు నిమిషాల గురించి. ఆ ఐదు నిమిషాల్లో మనం ఏం రాస్తాం, ఏం రాయకూడదు, అసలు ముందు ఏం చూడాలి? అదీ విషయం.

ముందు ఒకటి అడుగుతాను. ఈ పొరపాటు మనకు ఎందుకు జరుగుతుంది? మెసేజ్ ఫోన్ నుంచి వచ్చింది కాబట్టి. ఫోన్ నుంచి అడిగారు కాబట్టి పని కూడా ఫోన్‌లోనే చేస్తున్నారని మనం అనేసుకుంటాం. కానీ మన ఊళ్లలో జరిగేదేంటి? ఆఫీసులో బల్ల మీద కంప్యూటర్ ఉంటుంది, చేతిలో ఫోన్ ఉంటుంది. పని తెర మీద, ప్రశ్న చేతిలో. ప్రశ్న వచ్చిన చోటు వేరు, సమస్య ఉన్న చోటు వేరు. ఇది మళ్లీ చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. ప్రశ్న వచ్చిన చోటు వేరు, సమస్య ఉన్న చోటు వేరు.

కస్టమరు ఆ మాట ముందే ఎందుకు చెప్పరు అంటారా? వాళ్లకు చెప్పాలని తోచదండి. ఫోన్‌లో చూసినా, కంప్యూటర్‌లో చూసినా దాని పేరు గూగుల్ షీట్సే. ఫైల్ ఒకటే, అంకెలు ఒకటే. రెండు చోట్లా మెనూలు వేరుగా ఉంటాయని ఆయనకు ఎవరు చెప్పారు?

ఇప్పుడు ఒక కేసు మొత్తం చూద్దాం. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల లెక్కలు రాసే ఒక గుమాస్తా. ఆయన షీటులో తేదీ, గుంట నంబరు, పొద్దుటి మేత, సాయంత్రం మేత, కౌంటు, ఇలా మొదటి వరసలో హెడింగులు ఉన్నాయి. నెల నడిచేసరికి వరసలు పెరిగాయి. కిందికి జరిపితే హెడింగులు పైకి వెళ్లి కనపడకుండా పోతున్నాయి. పొద్దుటి మేత ఏ కాలమో, సాయంత్రం మేత ఏ కాలమో తికమక. మీలో ఆక్వా లెక్కలు చూసినవాళ్లకు తెలుసు, ఆ రెండు అంకెలూ పక్కపక్కనే, దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకొకటి రాసినా చూడగానే పట్టుకోలేం. అందుకని ఆయన అడిగారు, “అమ్మా, పైన హెడింగ్ లైను కదలకుండా నిలబడేది ఎట్ట?”

మా దగ్గర ఆ పూట జవాబులిస్తున్న అమ్మాయి ఇలా పెట్టింది: “1 అనే వరస నంబరు మీద కాసేపు నొక్కి పట్టుకోండి అన్నా. చిన్న పట్టీ వస్తుంది, దాని పక్కన మూడు చుక్కలు నొక్కి Freeze ఎంచుకోండి.”

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే ఇది మంచి జవాబే. పొట్టిగా ఉంది, వరస బాగుంది. నేను తప్పు పట్టను. పది నిమిషాల తర్వాత ఆయన నుంచి వచ్చింది, “అట్టాంటిది ఏం రాలేదమ్మా. చుక్కలు నొక్కితే ఏందేందో వస్తా ఉండాది.”

ఆగండి. ఇక్కడ చాలామంది చేసే పని ఏంటి? అదే జవాబు మళ్లీ పెడతారు. ఇంకొంచెం వివరంగా, ఇంకొంచెం నెమ్మదిగా. “కొంచెం గట్టిగా నొక్కి పట్టుకోండి” అంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో చెబుతాను.

ఆయన చేతిలో మౌస్ ఉంది. మనం నొక్కి పట్టుకోమన్నాం. ఆయన నొక్కి పట్టుకున్నారు. కంప్యూటర్‌లో ఏమవుతుంది? మొదటిసారి నొక్కితే ఆ వరస మొత్తం ఎంపికవుతుంది, నీలం రంగు వస్తుంది, అంతే. పట్టీ రాదు. రాలేదు కదా అని ఆయన రెండోసారి నొక్కి పట్టుకుంటారు. ఇప్పుడు ఆ వరస ఎంపికై ఉంది. ఎంపికై ఉన్న వరస నంబరు మీద మౌస్ నొక్కి పట్టుకుంటే గూగుల్ షీట్సు దాన్ని ఏమని అర్థం చేసుకుంటుంది? ఈ వరసను వేరే చోటికి జరపాలనుకుంటున్నారు అని. మౌస్ గుర్తు చిన్న చెయ్యిలా మారుతుంది. చేతి ఒత్తిడికి మౌస్ కొంచెం కిందికి జారిందా, హెడింగుల వరస వెళ్లి నాలుగో వరసలో కూర్చుంటుంది. మొదటి మూడు రోజుల లెక్క దాని పైకి వచ్చేస్తుంది. సేవ్ నొక్కే అవసరం కూడా లేదు, షీట్సు తనంతట తానే సేవ్ చేసుకుంటుంది.

సరిగ్గా అదే జరిగింది. ఆయన వెంటనే షీటు మధ్యలో ఉన్న అంకెల దగ్గరికి వెళ్లిపోయారు, మొదట్లో ఏం జరిగిందో చూసుకోలేదు. మనం “గట్టిగా నొక్కి పట్టుకోండి” అన్న ప్రతిసారీ ఆ వరస ఇంకో చోటికి పోయే అవకాశం ఉంది. అర్థమైందా నేను ఎందుకు వద్దంటున్నానో? ఫోన్‌లో పనికొచ్చే సైగ కంప్యూటర్‌లో పనిచేయకుండా ఊరుకోదు, కొన్నిసార్లు వేరే పని చేస్తుంది.

ఇక ఆ మూడు చుక్కల సంగతి. “ఏందేందో వస్తా ఉండాది” అన్నారు చూశారా? ఆ మాటను వదిలేయకండి. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిస్తే కుడివైపు పైన మూడు చుక్కలు ఉంటాయి. అవి షీటువి కావు, క్రోమ్‌వి. ఆయనకు చుక్కలు కనపడ్డాయి, నొక్కారు, కొత్త ట్యాబు, హిస్టరీ, డౌన్‌లోడ్లు, ప్రింటు అన్నీ వచ్చాయి. Freeze లేదు. మన జవాబు సగం నిజమైంది. సగం నిజమైన జవాబు పూర్తిగా తప్పైన జవాబు కన్నా ఎక్కువ టైము తినేస్తుంది, ఎందుకంటే ఆయన సరైన చోటే ఉన్నానని నమ్మి ఆ మెనూ అంతా వెతుకుతారు. మెనూలో Settings కూడా ఉంటుంది. ఇంకా లోపలికి వెళ్లి ఏం మారుస్తారో ఎవరికి తెలుసు?

మరి ఆ మనిషి కంప్యూటర్ ముందున్నారని మనకు ఎలా తెలియాలి? ఆయన మాటల్లోనే ఉంటుంది. “క్లిక్ చేశాను” అంటారు. “మౌస్” అంటారు. “పైన File, Edit అని ఉన్నాయి” అంటారు. ఫోటో పంపితే ఇంకా తేలిక. మన దగ్గర స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్లు తక్కువ, మానిటర్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పంపేవాళ్లు ఎక్కువ. తెర మీద అలల్లాంటి గీతలు, అంచున కీబోర్డు కొస, పక్కన టీ గ్లాసు. అలాంటి ఫోటో వచ్చిందంటే ఇక ఏమీ అడగక్కర్లేదు.

అసలు కష్టం ఎక్కడంటే, ఏమీ చెప్పనివాళ్ల దగ్గర. “సరేనమ్మా, చూస్తా” అని ఊరుకుంటారు. మొహమాటం. రెండోసారి అడిగితే తనకేమీ రాదనుకుంటారేమో అని. నేను చాలాసార్లు గమనించాను, పని అయినవాళ్లు “వచ్చింది” అంటారు, కానివాళ్లే “సరే” అంటారు. కాబట్టి “సరే”ను గెలుపుగా లెక్కపెట్టకండి. కాసేపాగి “హెడింగు నిలబడిందా అన్నా?” అని ఒక్క ముక్క అడగండి.

గుర్తులేమీ లేకపోతే అడగాల్సిందే. కానీ ఎలా అడుగుతారు? “మీరు ఏ డివైస్ వాడుతున్నారు?” అని అడిగితే ఆయన చేతిలో ఉన్న ఫోన్ కంపెనీ పేరు చెబుతారు. నిజంగా చెబుతారు, ఎందుకంటే ఆయన ఆ క్షణంలో వాడుతున్నది అదే కదా! నేను అడిగే ప్రశ్న ఇది: “షీటు మీద మౌస్‌తో నొక్కుతున్నారా, వేలితోనా?” ఇందులో తికమక లేదు. పైగా అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు. మనకు కావలసింది కూడా అదే, చెయ్యి ఏం చేస్తోందన్నది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఆయన కంప్యూటర్ ముందున్నారని తెలిసింది. ఇప్పుడు సరైన జవాబు పంపేద్దామా? View నొక్కి, Freeze నొక్కి, 1 row నొక్కండి అని?

పంపితే ఏమవుతుందో ఆలోచించండి. హెడింగులు ఇప్పుడు నాలుగో వరసలో ఉన్నాయి. 1 row అంటే షీట్సు మొదటి వరసను నిలబెడుతుంది. మొదటి వరసలో ఏముంది? ఒకటో తేదీ మేత లెక్క. ఆ అంకెలు పైన అతుక్కుపోతాయి, హెడింగులు మళ్లీ పైకి పోతాయి. మనం చెప్పింది నూటికి నూరు పాళ్లూ కరెక్టు, ఫలితం మాత్రం మొదటికన్నా అధ్వానం. ఇక ఆయన మన జవాబు నమ్మడం మానేస్తారు.

ఆత్మకూరు బస్టాండు దగ్గర నిలబడ్డ మనిషికి, ఆయన మెయిన్ బస్టాండులో ఉన్నారనుకుని దారి చెప్పామనుకోండి. ఆయన ఆ దారిన నాలుగు మలుపులు తిరిగేశారు. ఇప్పుడు ఆత్మకూరు బస్టాండు నుంచి దారి చెబితే సరిపోతుందా? ఆయన అక్కడ లేరు కదా! ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోవాలి ముందు.

అందుకని మొదట అడగాల్సింది, “షీటు పైకంటా జరిపి చూడండి అన్నా, హెడింగులు 1 నంబరు పక్కనే ఉన్నాయా?” అని. Ctrl నొక్కి ఉంచి Home నొక్కితే మొదటికి వెళ్లిపోతారు. ఉన్నాయంటే సంతోషం, నేరుగా View చెప్పండి. లేవంటే ముందు వాటిని వెనక్కి తేవాలి.

వెనక్కి తేవడానికి మనందరికీ నోట్లో ఉండే మాట Ctrl+Z. చాలాసార్లు అదే చాలు. కానీ జాగ్రత్త. వరస జారాక ఆయన ఈ పది నిమిషాల్లో నాలుగు అంకెలు కొట్టి ఉంటే? Ctrl+Z వెనక నుంచి వరసగా ఒక్కొక్కటీ చెరుపుకుంటూ వస్తుంది. ముందు ఆ నాలుగు అంకెలూ పోతాయి, తర్వాత హెడింగు కదులుతుంది. అందుకని “ఆ తర్వాత ఏమన్నా కొత్తగా ఎంటర్ చేశారా?” అని అడగండి. చేయలేదంటే Ctrl+Z, ఒక్కోసారి నొక్కుతూ హెడింగులు పైకి రాగానే ఆపమనండి. చేశారంటే Ctrl+Z జోలికి పోవద్దు. 4 నంబరు మీద ఒకసారి నొక్కి వదిలి, Edit లో Move, అందులో Row up. ఒకసారి చేస్తే ఒక మెట్టు పైకి. మూడుసార్లు చేస్తే మొదటి వరస. మౌస్‌తో లాగమని చెప్పొచ్చు కదా అంటారేమో. లాగడం వల్లే కదా ఇక్కడికి వచ్చాం! మెనూతో చేయిస్తే చెయ్యి జారే ప్రమాదం లేదు.

ఆయన ఆ ట్యాబు మూసేసి ఇంటికెళ్లి, మర్నాడు పొద్దున చూసి చెప్పారనుకోండి. అప్పుడు Ctrl+Z పనిచేయదు, ట్యాబు మూస్తే ఆ జ్ఞాపకం పోతుంది. File లో Version history ఉంటుంది, పాత రూపాన్ని అందులో చూడొచ్చు. చూడొచ్చు అంటున్నాను, వెంటనే పాతదాన్ని తెచ్చి పెట్టమనడం లేదు. ఎందుకు? ఆ షీటును గుంటల దగ్గరున్న సూపర్‌వైజరు కూడా ఫోన్‌లో నింపుతుంటారు. నిన్నటి రూపాన్ని తిరిగి తెస్తే ఆ తర్వాత ఆయన నింపినవి కూడా షీటులోంచి పోతాయి. ఒక్క వరస జారినదానికి అంత పెద్ద మందు అవసరం లేదు. Row up చాలు.

ఇప్పుడు మెసేజ్ రాద్దాం. మా అమ్మాయి చివరికి పెట్టిన మెసేజ్ నాకు చాలా నచ్చింది, చదువుతాను.

“అన్నా, నేను ఫోన్‌లో చేసే పద్ధతి చెప్పాను, కంప్యూటర్‌లో అది పనిచేయదు. నొక్కి పట్టుకోవడం ఇక వద్దు.
ముందు హెడింగు వరసను పైకి తెద్దాం. ఇప్పుడు అది 4లో ఉంది.
4 మీద ఒకసారి నొక్కి వదలండి.
పైన Edit, అందులో Move, అందులో Row up. ఇలా మూడుసార్లు.
హెడింగులు 1లోకి వచ్చాక చెప్పండి, మిగతాది మూడే నొక్కులు.”

దీంట్లో ఏముందో చూడండి. తప్పు ఎవరిదో ఒక్క వాక్యంలో తేల్చేసింది. “నేను చెప్పాను” అంది. “మీరు కంప్యూటర్ అని చెప్పలేదు కదా అన్నా” అనలేదు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ అన్నామా, ఆయన తర్వాతిసారి అడగరు. అలాగని నాలుగు సార్లు సారీ కూడా చెప్పలేదు. ఆయన హెడింగుల కోసం వచ్చారు, మన బాధ వినడానికి కాదు. రెండోది, పాత సూచనను రద్దు చేసింది. “ఇక వద్దు” అంది. ఇది మనం మర్చిపోతాం. కొత్త జవాబు పంపాం కదా, పాతది తనంతట తానే పోయిందనుకుంటాం. పోదు. చాట్‌లో పైకి జరిపితే అది అక్కడే ఉంటుంది, ఆయన రెండూ కలిపి చేస్తారు.

మూడోది, పొడవు. ఇక్కడ మనవాళ్లు ఇంకో చివరికి వెళ్లిపోతారు. పొట్టి జవాబు ఫెయిలైంది, కంప్యూటర్ మనిషి అని తెలిసింది, ఇక పేజీడు రాసి పంపుతారు. ఆయన దాన్ని చదివేది ఎక్కడ? ఫోన్‌లోనే! ఎడమ చేతిలో ఫోన్, కుడి చేతిలో మౌస్. ఒక లైను చదవాలి, తల ఎత్తాలి, నొక్కాలి, మళ్లీ ఆ లైను వెతుక్కోవాలి. కాబట్టి చెప్పే విషయం కంప్యూటర్‌ది, రాసే తీరు ఫోన్‌ది. లైనుకు ఒక పని. అదే ఆయన వాట్సాప్‌ను కూడా కంప్యూటర్‌లోనే తెరిచి ఉంటే కొంచెం పెద్దగా రాసినా పర్వాలేదు, లింకు ఇచ్చినా అక్కడే తెరుచుకుంటుంది.

ఆయన వరస పైకి తెచ్చాక, View, Freeze, 1 row. View అని రాసి ఊరుకోకండి, “File, Edit తర్వాత మూడోది” అని కూడా రాయండి. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లకు వరస నంబరు చెప్పడం ఎంతో సాయం. అయిందో లేదో ఎలా తెలుస్తుంది? మొదటి వరస కింద కొంచెం మందమైన బూడిద గీత వస్తుంది. కిందికి జరిపి చూడమనండి. నిలబడితే అయిపోయినట్టే.

అవునండీ, అడగండి. (ముందు వరసలోంచి ఒకరు, అది షీట్సు కాక ఎక్సెల్ అయితే ఏం చేయాలని అడిగారు.)

మంచి ప్రశ్న. కంప్యూటర్ అని తెలిసినంత మాత్రాన పని అయిపోలేదు. చాలామంది రెంటినీ “ఎక్సెల్ షీటు” అనే అంటారు, ఆ మాటను బట్టి తేల్చలేం. నేను అడిగేది, “పైన ఎడమ పక్క File తర్వాత ఏముంది?” Edit అంటే గూగుల్ షీట్సు. Home అంటే ఎక్సెల్. ఎక్సెల్‌లో View, Freeze Panes, Freeze Top Row. కానీ అందులో ఒక మెలిక ఉంది. తెర మీద ఆ క్షణంలో అన్నిటికన్నా పైన కనపడే వరసను అది నిలబెడుతుంది. ఆయన ఇరవయ్యో వరస దాకా జరిపి ఉండి అది నొక్కితే ఇరవయ్యో వరసే పైన అతుక్కుంటుంది, దాని పైవి కనపడకుండా పోతాయి. డేటా పోయిందని కంగారు పడతారు. పోలేదు, Unfreeze Panes నొక్కితే వస్తాయి. ఎక్సెల్ అయితే ముందు Ctrl+Home, తర్వాతే Freeze.

ఇంకో ప్రశ్న? (ఫోన్‌కూ కంప్యూటర్‌కూ రెండు జవాబులూ ముందే పంపేస్తే సరిపోదా అని వెనక నుంచి ఒకరు అడిగారు.)

చేయొచ్చు. నేను చేయను. రెండూ ఒకే మెసేజ్‌లో ఉంటే మొదటిది చదివి అదే చేస్తారు, రెండోది చూడరు. నొక్కి పట్టుకోవడం మొదట ఉంటే మళ్లీ వరస జారుతుంది. తప్పనిసరై పంపాల్సి వస్తే కంప్యూటర్‌ది ముందు పెట్టండి. ఫోన్‌లో ఉన్నవాళ్లు View కోసం వెతికి లేదని తెలుసుకుంటారు, అంతకుమించి ఏమీ చెడదు.

కస్టమరు పేరు పక్కన “పీసీ” అని రాసి పెట్టుకోవచ్చా అని ఇందాక ఒకరు చీటీ పంపారు. రాసుకోండి, కానీ దాన్నే నమ్ముకోకండి. ఆ గుమాస్తానే తీసుకోండి. పొద్దున గుంట గట్టు మీద నిలబడి మేత లెక్క ఫోన్‌లో కొడతారు, సాయంత్రం ఆఫీసుకొచ్చి మౌస్ పట్టుకుంటారు. మనిషి ఒకరే, షీటు ఒకటే. ఆ పూట చెయ్యి దేని మీద ఉందో ఆ పూటే అడగాలి.